షెడ్యూల్ చేసిన మెయిల్ న్యూయార్క్‌కి గంట లేటుగా ఎందుకు చేరింది?

ప్రశ్న: మా క్లయింట్ ఒకాయన న్యూయార్క్‌లో ఉంటారు. సోమవారం, అంటే 2026 మార్చి 9న, వాళ్ల టైమ్ ఉదయం 8:30కి మెయిల్ చేరాలని శుక్రవారమే జీమెయిల్‌లో షెడ్యూల్ చేసి పెట్టాను. మనకీ వాళ్లకీ పదిన్నర గంటలు తేడా కదా అని మన టైమ్ సాయంత్రం 7 గంటలు పెట్టాను. తీరా చూస్తే ఆయనకి 9:30కి వచ్చిందట. అప్పటికే 9 గంటల మీటింగ్ మొదలైపోయింది. జీమెయిల్ లేటు చేసిందా? నేనేమైనా సెట్టింగ్ మార్చాలా? ఇకముందు ఇలా జరగకుండా ఎలా పెట్టాలి?

సమాధానం:

జీమెయిల్ లేటు చేయలేదండి. మీరు చెప్పినట్టే మన సాయంత్రం ఏడింటికి పంపింది. మారింది అవతలి గడియారం. శుక్రవారం మీరు లెక్క వేసినప్పుడు తేడా పదిన్నర గంటలే, అందులో తప్పు లేదు. కానీ మధ్యలో వచ్చిన ఆదివారం, మార్చి 8న, తెల్లవారుజామున రెండింటికి అమెరికాలో డేలైట్ సేవింగ్, అంటే వేసవి టైమ్, మొదలై గడియారాలు ఒక గంట ముందుకు జరిగాయి. సోమవారానికల్లా తేడా తొమ్మిదిన్నర గంటలైంది. ఆయనకి 8:30కి చేరాలంటే మీరు పెట్టాల్సింది సాయంత్రం 6 గంటలు.

మార్చాల్సిన సెట్టింగ్ ఏమీ లేదు. మార్చుకోవాల్సింది లెక్క వేసే పద్ధతి. టైమ్ తేడా చూడాల్సింది మెయిల్ రాసే రోజున కాదు, మెయిల్ వెళ్లే రోజున. రెండూ ఒకే వారంలో ఉన్నా సరే, విడిగా చూసుకోవాలి.

విదేశీ క్లయింట్లతో మెయిళ్లు నడిపే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మార్చిలో, నవంబర్ మొదట్లో ఈ ఫిర్యాదు మా టీమ్‌లో ఎవరో ఒకరి దగ్గర్నుంచి వస్తూనే ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు షెడ్యూల్ చేసినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. మీరు "మార్చి 9, సాయంత్రం 7" అని ఎంచుకోగానే జీమెయిల్ మీ కంప్యూటర్ ఏ టైమ్ జోన్‌లో ఉందో దాన్ని బట్టి ఆ టైముని అర్థం చేసుకుంటుంది. మన టైమ్ ప్రపంచమంతా కొలమానంగా వాడే యూటీసీ టైముకి ఐదున్నర గంటలు ముందు కాబట్టి అది 13:30 యూటీసీ అవుతుంది. ఆ క్షణం వచ్చినప్పుడు మెయిల్ వెళ్తుంది, అంతే. అందుకునే మనిషి ఎక్కడున్నారో దానికి తెలీదు. తెలిసే దారి కూడా లేదు, మెయిల్ అడ్రస్‌లో ఊరు పేరు ఉండదు కదా. షెడ్యూల్ చేసేటప్పుడు మీరున్న టైమ్ జోన్ ప్రకారమే మెయిల్ వెళ్తుందని జీమెయిల్ సహాయం పేజీలో కూడా ఉంటుంది. "న్యూయార్క్‌లో ఉదయం 8:30కి" అని దానికి చెప్పడానికి ఆ బాక్స్‌లో చోటు లేదు. ఆ అనువాదం మొత్తం మన మీదే పడుతుంది.

చాలామంది ఇక్కడ క్యాలెండర్‌ని చూసి పొరబడతారు. క్యాలెండర్‌లో మీటింగ్ పెట్టినప్పుడు దానితో పాటు టైమ్ జోన్ పేరు కూడా నిల్వ ఉంటుంది. న్యూయార్క్ వాళ్లు వారం వారం వాళ్ల ఉదయం 9 గంటలకి పెట్టుకున్న మీటింగ్ మనకి చలికాలంలో సాయంత్రం 7:30కి కనిపిస్తుంది. మార్చిలో వాళ్ల గడియారం మారగానే అదే మీటింగ్ మన క్యాలెండర్‌లో 6:30కి దానంతటదే జరిగిపోతుంది. మీటింగ్ అలా జరిగింది కాబట్టి మెయిల్ కూడా జరుగుతుందని అనుకుంటాం. జరగదు. మీ విషయంలో అచ్చంగా ఇదే అయింది: మీటింగ్ మన టైములో గంట ముందుకొచ్చింది, మెయిల్ మాత్రం ఏడింటి దగ్గరే కూర్చుంది.

మరి పదిన్నర అన్న లెక్క మీకు ఎక్కడ దొరికిందో కూడా నేను ఊహించగలను. ఫోన్‌లో వరల్డ్ క్లాక్ తెరిచి ఉంటారు, లేదా "ఇప్పుడు న్యూయార్క్‌లో టైమెంత" అని వెతికి ఉంటారు. రెండూ ఈ క్షణానికి ఉన్న తేడానే చూపిస్తాయి. వచ్చే సోమవారం ఎంత ఉంటుందో అవి చెప్పవు. అందుకే షెడ్యూల్ చేయడానికి వరల్డ్ క్లాక్ వాడొద్దని మా వాళ్లకి గట్టిగా చెబుతాను. అది ఎవరికైనా ఫోన్ చేసేముందు చూసుకోవడానికి బాగుంటుంది, భవిష్యత్తులో వెళ్లే మెయిల్‌కి పనికిరాదు.

నేను చేసే పద్ధతి ఇది. గూగుల్ క్యాలెండర్‌లో ఒక ఉత్తుత్తి ఈవెంట్ పెడతాను. తేదీ మెయిల్ వెళ్లాల్సిన రోజు, టైమ్ అవతలివాళ్ల టైమ్. టైమ్ పక్కన ఉండే Time zone నొక్కి అక్కడ న్యూయార్క్ జోన్ ఎంచుకుంటాను. సేవ్ చేశాక ఆ ఈవెంట్ మన క్యాలెండర్‌లో ఏ గంట దగ్గర కూర్చుందో చూస్తాను. మీ ఉదాహరణే తీసుకుంటే, మార్చి 9 ఉదయం 8:30 న్యూయార్క్ అని పెడితే అది మనకి సాయంత్రం 6 దగ్గర కనిపిస్తుంది. మార్చి 6, శుక్రవారం అని పెడితే అదే 8:30 మనకి రాత్రి 7 దగ్గర కనిపిస్తుంది. ఆ టైమునే తీసుకెళ్లి జీమెయిల్‌లో పెట్టడం, ఈవెంట్ తీసేయడం. నిమిషం కూడా పట్టదు. ఇందులో గొప్పేంటంటే తేదీ కూడా సరిగ్గా వస్తుంది, దాని గురించి కిందకి చెబుతాను.

కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లయితే లినక్స్‌లో ఇదే పని ఒక్క లైనులో అవుతుంది:

```
TZ="Asia/Kolkata" date -d 'TZ="America/New_York" 2026-03-09 08:30'
```

ఇది మార్చి 9, 18:00 అని చూపిస్తుంది. తేదీని 2026-03-06 చేసి చూడండి, 19:00 అంటుంది. ఇందులో ఈఎస్‌టీ, ఈడీటీ లాంటి పొట్టి పేర్లు కాకుండా America/New_York అని ప్రాంతం పేరు వాడటానికి కారణం ఉంది. ఈఎస్‌టీ అంటే ఏడాది పొడవునా యూటీసీకి ఐదు గంటలు వెనక. వేసవిలో న్యూయార్క్ వాళ్లు ఉండేది ఈడీటీలో, అంటే నాలుగు గంటలు వెనక. కానీ వాళ్లు కూడా అలవాటు కొద్దీ జూలైలో సైతం "5 పీఎం ఈఎస్‌టీ" అని రాసేస్తారు. ఆ మాట పట్టుకుని కన్వర్టర్‌లో ఈఎస్‌టీ అని కొడితే గంట తేడా వచ్చి తీరుతుంది. వాళ్లు ఏం రాసినా వాళ్ల ఉద్దేశం "మా ఊళ్లో ఇప్పుడు నడుస్తున్న టైమ్" అనే. అందుకని ఊరి పేరుతోనే వెతకండి.

ఇక ఏ రోజుల్లో జాగ్రత్తగా ఉండాలో చెబుతాను. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి. 2007 నుంచీ ఇదే నడుస్తోంది. బ్రిటన్, యూరోపియన్ యూనియన్ దేశాల్లో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. మన గడియారం ఎప్పుడూ కదలదు. కాబట్టి 2026లో మార్చి 8 నుంచి 29 దాకా అమెరికా మారిపోయి ఉంటుంది, లండన్ ఇంకా మారదు. ఆ మూడు వారాలూ లండన్‌కీ న్యూయార్క్‌కీ మధ్య ఐదు గంటలకి బదులు నాలుగే ఉంటాయి. అక్టోబర్ 25 నుంచి నవంబర్ 1 దాకా మళ్లీ అంతే. "లండన్ టైమ్ తెలుసు కదా, దానికి ఐదు తీసేస్తే న్యూయార్క్" అని లెక్కేసేవాళ్లు ఈ రోజుల్లోనే దెబ్బతింటారు.

ఆస్ట్రేలియాకి పంపేవాళ్లకి వరస తిరగబడుతుంది. సిడ్నీలో అక్టోబర్ మొదటి ఆదివారం గడియారం ముందుకెళ్తుంది, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కొస్తుంది. బ్రిస్బేన్‌లో అసలు మార్పే ఉండదు, అదే దేశం, అదే తూర్పు తీరం అయినా సరే. అమెరికాలోనూ అంతే: అరిజోనాలో ఎక్కువ భాగం, హవాయి గడియారం మార్చవు. మెక్సికో 2022లో దేశంలో చాలా ప్రాంతాలకి ఈ పద్ధతి ఎత్తేసింది. అందుకే ఎప్పుడో ఒకసారి రాసి గోడకి అంటించుకున్న "ఫలానా దేశానికి ఇన్ని గంటలు" అనే కాగితాన్ని నేను నమ్మను.

నవంబర్‌లో జరిగే పొరపాటు మార్చిలో జరిగినట్టు బయటపడదు. అక్టోబర్ 30, శుక్రవారం కూర్చుని తొమ్మిదిన్నర గంటల తేడాతో లెక్కేసి నవంబర్ 2, సోమవారం సాయంత్రం 6 అని పెట్టారనుకోండి. అప్పటికి అమెరికా గడియారం వెనక్కి వెళ్లి ఉంటుంది కాబట్టి మెయిల్ 8:30కి బదులు 7:30కి చేరుతుంది. గంట ముందు వస్తే ఎవరు అడుగుతారు? ఇన్‌బాక్స్‌లో పడి ఉంటుంది, వాళ్లు తీరిగ్గా చూసుకుంటారు. కానీ ఫలానా టైము దాకా బయటికి రాకూడని సమాచారం, అంటే ఏదైనా ప్రకటనో, కొత్త రేట్లో ఉంటే ఆ గంట ముందు వెళ్లడమే పెద్ద తలనొప్పి. లేటుగా వెళ్లిన మెయిల్‌కి క్షమాపణ చెప్పొచ్చు, ముందే వెళ్లినదాన్ని వెనక్కి తీసుకురాలేం.

ఇంతవరకు గంట తేడా గురించి. ఇంతకంటే పెద్ద పొరపాట్లు తేదీ దగ్గర జరుగుతాయి.

మొదటిది రెడీమేడ్ బటన్లతో. Schedule send నొక్కగానే జీమెయిల్ కొన్ని టైములు తనే చూపిస్తుంది. Monday morning అని ఒకటి ఉంటుంది, పక్కన 8:00 అని. అది *మీ* సోమవారం ఉదయం. మీరు ఇక్కడ కూర్చుని అది నొక్కితే కాలిఫోర్నియాలో అప్పటికి ఆదివారం రాత్రి 7:30, చలికాలమైతే ఆదివారం సాయంత్రం 6:30. సెలవు పూట బాస్ నుంచో వెండర్ నుంచో ఆఫీసు మెయిల్ వస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు. పైగా సోమవారం ఉదయం వాళ్లు ఇన్‌బాక్స్ తెరిచేసరికి మీ మెయిల్ రాత్రంతా వచ్చిన వాటి కింద ఉంటుంది, పైన ఉండాలన్న మీ ఉద్దేశమే పోతుంది. విదేశాలకి పంపేటప్పుడు ఆ రెడీమేడ్ టైములు వదిలేసి Pick date & time లోకే వెళ్లండి.

రెండోది అర్ధరాత్రి దాటే టైములు. జనవరిలో కాలిఫోర్నియా వాళ్లకి సోమవారం ఉదయం 11 గంటలకి మెయిల్ చేరాలి. అప్పుడు తేడా పదమూడున్నర గంటలు. అంటే మనకి రాత్రి 12:30. ఆ 12:30 మనకి మంగళవారం. కానీ బుర్రలో "సోమవారం" అనే తిరుగుతూ ఉంటుంది కాబట్టి క్యాలెండర్‌లో సోమవారం తేదీ నొక్కి 12:30 ఏఎం పెట్టేస్తారు. మెయిల్ సరిగ్గా ఒక రోజు ముందు, వాళ్ల ఆదివారం ఉదయం 11 గంటలకి వెళ్లిపోతుంది. ఇంకొందరు రాత్రి అనగానే 12:30 పీఎం పెడతారు. అది మన మధ్యాహ్నం. ఈ రెండూ కలిసి ఒకే మెయిల్‌లో జరిగిన సందర్భం కూడా చూశాను. అందుకే నేను వీలైనంతవరకు మన అర్ధరాత్రికి అటూ ఇటూ ఉండే టైముల జోలికి పోను. కాలిఫోర్నియాకి వాళ్ల ఉదయం 8 గంటలు ఎంచుకుంటే మనకి అదే తేదీన రాత్రి 9:30, లేదా వేసవిలో 8:30. తేదీ ఒకటే, గందరగోళం లేదు. తప్పనిసరై అర్ధరాత్రి దాటాల్సి వస్తే పైన చెప్పిన క్యాలెండర్ పద్ధతి తేదీని కూడా చూపిస్తుంది కాబట్టి దాన్ని చూసే పెడతాను.

మీ మెషీన్ ఏ టైములో ఉందో కూడా ఒకసారి చూసుకోండి. మీ సమస్య ఇది కాదు గానీ ఇదే ప్రశ్నతో వచ్చేవాళ్లలో కొందరికి కారణం ఇక్కడ ఉంటుంది. మా టీమ్‌లో ఒకమ్మాయి క్లయింట్ ఇచ్చిన రిమోట్ డెస్క్‌టాప్‌లో పని చేసేది. ఆ మెషీన్ గడియారం న్యూయార్క్ టైములో ఉంది. ఆమె దాంట్లోనే బ్రౌజర్ తెరిచి, మన లెక్క ప్రకారం జాగ్రత్తగా లెక్కేసి రాత్రి 7 అని పెట్టింది. వెళ్లింది న్యూయార్క్ రాత్రి 7కి, అంటే మనకి మర్నాడు తెల్లవారుజామున 4:30కి. వాళ్లు ఆఫీసు కట్టేసి ఇంటికెళ్లిపోయాక. లెక్కంతా కరెక్టే, కానీ లెక్క ఒక జోన్‌లో వేసి టైమ్ ఇంకో జోన్‌లో టైప్ చేసింది. స్క్రీన్ మూలన కనిపించే గడియారం మీ ఫోన్‌తో సరిపోతోందా లేదా అని చూస్తే చాలు, రెండు సెకన్ల పని.

వీపీఎన్ వల్ల ఇలా అవుతుందేమో అని కొందరికి టెన్షన్. వీపీఎన్ మారిస్తే మీరు ఇంకో దేశం నుంచి వస్తున్నట్టు వెబ్‌సైట్లకి కనిపిస్తుంది గానీ, బ్రౌజర్ టైమ్ జోన్‌ని మామూలుగా మీ కంప్యూటర్ సెట్టింగ్ నుంచే తీసుకుంటుంది. దాన్ని వీపీఎన్ ముట్టుకోదు. ప్రయాణం సంగతి వేరు. మీరు ఇక్కడ మెయిల్ షెడ్యూల్ చేసి ఫ్లైట్ ఎక్కి దుబాయ్‌లో దిగారనుకోండి. ఫోన్ టైమ్ అక్కడికి మారుతుంది, మెయిల్ వెళ్లే క్షణం మాత్రం మారదు. Scheduled ఫోల్డర్‌లో 7 గంటలు అని ఉండాల్సింది 5:30 అని కనిపిస్తే కంగారుపడి "సరిచేయకండి". అది అదే క్షణం, అక్కడి గడియారంలో.

అవుట్‌లుక్ వాడేవాళ్లకి ఒక విషయం. వెబ్‌లో వాడే అవుట్‌లుక్‌లో అకౌంట్‌కంటూ విడిగా ఒక టైమ్ జోన్ సెట్టింగ్ ఉంటుంది, Language and time అనే చోట. కంప్యూటర్ గడియారం ఒకటి, అది ఇంకొకటి అయితే గందరగోళమే, రెండూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. పాత డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో Delay Delivery వాడుతూ, అకౌంట్ పాప్ లేదా ఐమ్యాప్ రకం అయితే, ఆ టైముకి అవుట్‌లుక్ తెరిచి ఉండాలి. ల్యాప్‌టాప్ మూసేసి పడుకుంటే మెయిల్ అవుట్‌బాక్స్‌లోనే ఉండి, పొద్దున్న మీరు తెరిచినప్పుడు వెళ్తుంది. అప్పుడు జరిగిన ఆలస్యం టైమ్ జోన్ తేడా లాగా గుండుగుత్తగా గంటా, పదిన్నర గంటలు అన్నట్టు ఉండదు. మీరు ల్యాప్‌టాప్ తెరిచిన టైముకి సరిపోతుంది. కారణం పట్టుకోవడానికి ఇదో గుర్తు. జీమెయిల్‌కి ఈ బాధ లేదు, అది సర్వర్ నుంచే వెళ్తుంది.

అసలు మెయిల్ ఎప్పుడు వెళ్లిందో రుజువు కావాలంటే, Sent లో ఉన్న ఆ మెయిల్ తెరిచి మూడు చుక్కల మెనూలో Show original నొక్కండి. అందులో ఇలాంటి లైను ఉంటుంది:

```
Date: Mon, 9 Mar 2026 19:00:08 +0530
```

చివర ఉన్న +0530 అంటే యూటీసీకి ఐదున్నర గంటలు ముందు, అంటే మన టైమ్. క్లయింట్ తన దగ్గర చూస్తే Received అనే లైన్లలో గడియారం వేరుగా, -0400 అనో -0700 అనో ఉండొచ్చు. గూగుల్ సర్వర్లు తమ ముద్ర కాలిఫోర్నియా టైములో వేస్తాయి, కాబట్టి పక్కన పీడీటీ అని కనిపించి "మెయిల్ ఉదయం 6:30కే వచ్చిందే" అనిపిస్తుంది. అది న్యూయార్క్ 9:30, మన సాయంత్రం 7. అన్నీ ఒకే క్షణం. ఎవరితోనైనా ఈ విషయమై వాదన వస్తే గంటల్ని పోల్చకండి, చివరి గుర్తుతో కలిపి యూటీసీలోకి మార్చి పోల్చండి. మీ మెయిల్‌కి అలా చేస్తే ఏ లైను చూసినా 13:30 యూటీసీయే వస్తుంది, అంటే దారిలో ఆలస్యమేమీ జరగలేదని తేలిపోతుంది. లైన్ల మధ్య నిజంగానే నిమిషాలో గంటలో తేడా ఉంటే అప్పుడు సర్వర్ల గురించి ఆలోచించాలి.

ఒకే మెయిల్ లండన్ వాళ్లకీ, న్యూయార్క్ వాళ్లకీ కలిపి పంపాలంటే "ఇద్దరికీ ఉదయం 8:30" అన్నది కుదరదు. ఒక మెయిల్‌కి ఒకటే క్షణం. రెండు మెయిళ్లుగా విడగొట్టి విడివిడిగా షెడ్యూల్ చేయడం ఒక దారి. అందరూ ఒకే సంభాషణలో ఉండాల్సిందే అయితే నేను పడమర ఉన్నవాళ్ల ఉదయాన్ని పట్టుకుంటాను: న్యూయార్క్ ఉదయం 8:30 అంటే లండన్‌లో మామూలు రోజుల్లో మధ్యాహ్నం 1:30, ఇద్దరూ ఆఫీసులోనే ఉంటారు. తిరగేసి లండన్ ఉదయాన్ని పట్టుకుంటే న్యూయార్క్‌లో తెల్లవారుజాము 3:30 అవుతుంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టని వాళ్లకి అది మంచి అనుభవం కాదు.

టైమ్ ఎంత జాగ్రత్తగా పెట్టినా మెయిల్ లోపల రాసిన మాటలు ఎవరూ మార్చిపెట్టరు. అందుకునేవాళ్ల మెయిల్ యాప్ మెయిల్ వచ్చిన టైముని వాళ్ల గడియారంలోకి మార్చి చూపిస్తుంది, కానీ మీరు శుక్రవారం కూర్చుని "రేపు సాయంత్రంలోగా చెప్పండి" అని రాసి సోమవారానికి షెడ్యూల్ చేస్తే, వాళ్లు చదివేది సోమవారం, వాళ్లకి రేపు అంటే మంగళవారం. "ఈరోజు", "రేపు", "ఇందాక మాట్లాడుకున్నట్టు" లాంటివి షెడ్యూల్ చేసే మెయిల్‌లో కనిపిస్తే తీసేసి తేదీ రాయండి. గడువు ఇస్తుంటే ఎవరి టైమో కూడా చెప్పాలి. "మార్చి 10, మంగళవారం సాయంత్రం 5, న్యూయార్క్ టైమ్" అని రాస్తే అది మనకి బుధవారం తెల్లవారుజామున 2:30 అని ఇక్కడివాళ్లకీ అర్థమవుతుంది. గడువు మీ మీద ఉన్నప్పుడు, అంటే ఏదైనా దరఖాస్తో టెండరో ఆ టైములోగా మీరే పంపాల్సి ఉన్నప్పుడు, చివరి నిమిషానికి షెడ్యూల్ చేయకండి. షెడ్యూల్ చేసినవి కొన్ని నిమిషాలు అటూ ఇటూ కావచ్చు. ఇలాంటివి నేను షెడ్యూల్‌కి వదలను, ముందే పంపేస్తాను.

ఇప్పటికే ఈ నెలలో ఇంకొన్ని మెయిళ్లు పాత లెక్కతో పెట్టి ఉంటే వాటిని ఇవాళే సరిచూసుకోండి. ఎడమవైపు Scheduled ఫోల్డర్‌లో అన్నీ ఒకచోటే కనిపిస్తాయి. ఒక్కోదాని పక్కన ఉన్న తేదీకి న్యూయార్క్ టైమ్ ఎంతో క్యాలెండర్‌లో చూడండి. టైమ్ మార్చాలంటే మెయిల్ తెరిచి Cancel send నొక్కాలి. నొక్కగానే అది డ్రాఫ్ట్‌గా మారిపోతుంది, మళ్లీ షెడ్యూల్ చేసేదాకా ఎక్కడికీ వెళ్లదు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు: టైమ్ సరిచేద్దామని తీసి, మధ్యలో ఎవరో పిలిస్తే లేచి వెళ్లి, ఇక దాని సంగతే మర్చిపోతారు. ఒక్కో మెయిల్‌నీ తిరిగి Scheduled లో చూశాకే తర్వాతది తెరవండి.